ద్వితీయాక్షరప్రాస - పదసంచయమున జతపదాన్వేషణము
(ర, ఱ ల ప్రాసను గూర్చిన పరిశీలనము)

తెలుగు నిఘంటువు లన్నియు నేడు అకారాది క్రమమున నున్నవి. ఈ క్రమమున పదముయొక్క మొదటి అక్షరమే దారి చూపును. పద్యపాదమున ప్రాసస్థానము రెండవ అక్షరము. కావున ప్రాసకు జతపడు పదములు నిఘంటువున ఎక్కడెక్కడనో చెదరియుండును. 'నీరము' ఒకచోట, 'వారిధి' వేరొకచోట, 'గౌరవము' మరియొకచోట కానవచ్చును. ఉత్పలమాలలో నాలుగు పాదములకు మొదట ఈ మూడును, వీనితోపాటు 'శూరుడు' అనునదియు నిరాటంకముగ నిలుచును. నిఘంటువును తెరచి ఇవి యొకదాని కొకటి చుట్టములని గుర్తించుటకు మాత్రము ఉపాయము లేదు.

ఈ వ్యాసమున ఆ ఉపాయమును గూర్చి చెప్పదలచితిని. కాని ప్రయోజనము పద్యరచనకు మాత్రమే పరిమితమైనది కాదు. రెండవ అక్షరమునుబట్టి కూర్చిన పదపట్టిక ప్రాచీనగ్రంథపరిష్కర్తకు కొలబద్దవంటిది. ఆ సంగతి ర, ఱ ల విషయమున చక్కగా తేలును గనుక ఆ యొక్క ప్రాసనే తీసికొని తుదివరకు పరిశీలింతును. ఉదాహరణముగా చూపు పదములలో మాత్రమే ఱకారమును, అవసరమైనచో అరసున్నను పాటించితిని. తక్కిన వాక్యములలో నేటి వ్రాతనే అనుసరించితిని. పాఠకు లిది గమనింప ప్రార్థన.

ముందుగా నియమమును క్లుప్తముగా జ్ఞప్తికి తెచ్చుకొందము. వృత్తములందును, కందమునందును, ద్విపదయందును పాదముయొక్క రెండవ అక్షరమున గల హల్లు అన్ని పాదములలోను ఒక్కటే కావలెను. దానిపై అచ్చు ఏదైనను కావచ్చును. ఆ హల్లు సంయుక్తమైనచో అదే సంయుక్తము అన్నిట నుండవలెను. దానికి ముందు పూర్ణబిందు వున్నచో అన్నిట బిందు వుండవలెను. మొదటి అక్షరము ఒకచోట గురువైన అన్నిచోట్ల గురువు, లఘువైన అన్నిచోట్ల లఘువు. ఉత్పలమాల, శార్దూలము గురువుతోను, చంపకమాల, మత్తేభము లఘువుతోను మొదలగుటచే వృత్తములలో ఈ నియమమును గణమే కాపాడును. కందమున మాత్రము కవి తానే జాగరూకుడై యుండవలెను. కాకునూరి అప్పకవి 1656 నాటి తన లక్షణగ్రంథమున ప్రాసభేదములను విస్తరించి వివరించెను. ల-ళ ల వంటి అభేదములు, అరసున్న ఉన్న అక్షరమును లేని అక్షరమును కలుపు ఖండాఖండప్రాస మున్నగునవి ఆ వివరణమున చేరినవే. ఈ సడలింపులన్నిటికిని లోబడక చిరకాలము వివాదాస్పదమై నిలిచినది ర, ఱ ల భేదము.

రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు భారతమును తెనిగించు నాటికి ఈ రెండును వేర్వేరు ధ్వనులు. రాజరాజు పట్టాభిషిక్తుడైనది 1022 లో. ఆ కాలపు కవి చెవికి 'నీరు', 'నీఱు' అను రెండు మాటలు నేడు మనకు 'కల', 'కళ' అనునవి వినిపించునంత భిన్నముగ వినిపించెడివి. 'నీరు' జలము, 'నీఱు' బూడిద. తరువాతి శతాబ్దములలో ఉచ్చారణమున భేదము క్రమముగా నశించెను. చెవి మరచినదానిని కన్నును, కంఠస్థమైన పట్టికలును కాపాడవలసి వచ్చెను. లాక్షణికులు రేఫ, శకటరేఫముల నిర్ణయమునకై అంత శ్రమపడుటకు కారణ మిదియే. వినికిడిచే తెలియునట్టి దానికి పట్టిక లెవరును వ్రాయరు గదా!

పదములను కూర్చు పద్ధతి మన దేశమున ఎట్లు మారెనో కొంత చూడవలసియున్నది. తెలుగున పూర్వపు పద్యనిఘంటువులు అర్థమునుబట్టి వర్గములుగా నుండెడివి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమున దేవవర్గము, మానవవర్గము, స్థావరవర్గము, తిర్యగ్వర్గము, నానార్థవర్గము అను విభాగము కలదు. చంద్రునకు పర్యాయపదములు కావలసినవాడు దేవవర్గమును వల్లించును. ఆ పర్యాయములలో ప్రాసకు కుదురునది దానంతటదియే స్ఫురించును. అనగా ఆ నిఘంటువు అర్థమునుండి పదమునకు తీసికొనిపోవును. ప్రాసకు కుదుర్చుకొనుట కవి జ్ఞాపకశక్తికి విడిచిపెట్టబడినది.

తమిళమున పరిస్థితి వేరు. వారి 'ఎదుగై' మన ప్రాసవలె రెండవ అక్షరముపై ఆధారపడినదే. మండలపురుషుడు రచించిన చూడామణినిఘంటువున పదునొకండవ భాగము నానార్థపదములకు సంబంధించినది. దానిలో పదములు మొదటి అక్షరమునుబట్టి గాక ఎదుగైని బట్టి, అనగా ద్వితీయాక్షరమునందలి హల్లును బట్టి, కూర్చబడినవి. ఇటలీనుండి వచ్చిన క్రైస్తవాచార్యుడు బెస్కి, తమిళులు వీరమామునివర్ అని పిలుచునతడు, 1732 లో కూర్చిన చతురకరాదిలో నాలుగవ భాగము 'తొడై అకరాది'. అది ఎదుగైకి సరిపడు పదముల పట్టికయే. పొరుగుభాషలో ఈ విధమగు కూర్పు ఇంత పూర్వమే యుండగా మన ప్రధాననిఘంటువు లీ మార్గమున నడువలేదు. మచిలీపట్టణమున మామిడి వేంకయ్య ఆంధ్రదీపిక మొదలుకొని, 1852 నాటి బ్రౌను నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము వరకు అన్నియు మొదటి అక్షరమునే పట్టుకొన్నవి. అర్థము తెలిసికొనగోరు విద్యార్థికి అది మేలే. ప్రాస వెదకువానికి మాత్రము వర్గనిఘంటువు ఉన్ననాటికంటె కష్టమే హెచ్చినది.

ఎంత కష్టమో లెక్క వేసి చూతము. మొదటి అక్షరము దీర్ఘము, రెండవది అసంయుక్తమైన రేఫము, ఇట్టి పదములన్నియు కావలెననుకొందము. దీర్ఘస్వరములు, ఐ, ఔ లతో కూడ, ఏడు. పదాదిని వచ్చు హల్లులు సుమారు ముప్పది యనుకొన్నచో, హల్లు లేని అచ్చును కూడ చేర్చి, ముప్పదియొక్క విధములు. ఏడుచేత హెచ్చించినచో రెండువందల పదునేడు. 'ప్రారంభము', 'క్రూరుడు' వంటి సంయుక్తాదులు దీనికి పైన. అనగా ఒక్క ప్రాసకొరకు నిఘంటువును రెండువందలకు పైగా తావులలో తెరువవలెను. పూర్వ మొక కవి ఇట్లు చేసియుండడు. అతనికి కావ్యములు కంఠస్థములు. పరిశోధకునికి ఆ సౌకర్యము లేదు. అతడు చూచిన నాలుగు పదములతో తృప్తిపడి 'ఈ ప్రాసకు వేరు పదము లేదు' అని తీర్మానించిన సందర్భములు తక్కువ కావు.

కావున పదపట్టికను మరల కూర్చుకొనవలెను. కూర్చు తీరు కష్టమైనది కాదు. ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క చీటీ. చీటీ యెడమమూల పదమును గాక ఒక గుర్తును వ్రాయవలెను. ఆ గుర్తులో మూడంశము లుండును. మొదటిది, తొలి అక్షరము హ్రస్వమా, దీర్ఘమా, బిందుసహితమా అనునది. దానియందలి హల్లుతో మనకు పని లేదు. రెండవది, ప్రాసహల్లు, సంయుక్తమైనచో ఆ సంయుక్తము మొత్తము. మూడవది, ప్రాసాక్షరము లఘువా గురువా అనునది. 'గౌరవము' చీటీపై 'దీర్ఘము-ర-లఘువు' అని యుండును. 'వారాశి' చీటీపై 'దీర్ఘము-ర-గురువు' అని యుండును. పిమ్మట చీటీలను ఆ గుర్తుల వరుసను పేర్చినచో చుట్టములన్నియు ఒకచోట చేరును. అరసున్నను గుర్తులోనికి తీసికొననక్కరలేదు, ఖండాఖండప్రాస అనుమతమే గనుక. చీటీపై పదమును వ్రాయునపుడు మాత్రము దానిని వదలరాదు.

ఒక సంయుక్తమునకు ముందున్న హ్రస్వము గురువగునని మరువరాదు. 'అప్పు', 'ఆప్తుడు' రెంటను తొలి అక్షరము గురువే. వీనిని విడదీయునది సంయుక్తభేదమే కాని తొలి అక్షరపు మాత్ర కాదు. కావున సంయుక్తప్రాసలకు హ్రస్వదీర్ఘముల విభాగము వ్యర్థము; అక్కడ రెండు కట్టలను ఒకటిగా కలిపివేయవచ్చును.

నేడు పదపట్టికలు కంప్యూటరులో లభించుచున్నవి గనుక చీటీల పని కొంత సులువైనది. పంక్తి కొక పదమున్న పట్టికపై ఈ క్రింది అన్వేషణసూత్రమును ప్రయోగించినచో దీర్ఘాదియై అసంయుక్తమైన ర గాని ఱ గాని రెండవ అక్షరముగ గల పదములు వచ్చును.

```
^([ఆఈఊఏఐఓఔ]|[క-హ](్[క-హ])*[ాీూేైోౌ])ఁ?[రఱ](?!్)
```

చివరి కుండలీకరణములలో నున్నది రేఫము క్రింద వేరొక హల్లు రాకుండ చేయును. ర, ఱ లను వేరుగా చూడదలచినచో చదరపు కుండలీకరణమున ఒక్కదానినే యుంచవలెను. ఈ సూత్రమునకు గల లోపములు పదపట్టికకు గల లోపములే. వానిని క్రింద చెప్పెదను.

ఇట్లు కూర్చిన పట్టికలో దీర్ఘాదిరేఫము క్రింద తేట తెలుగు పదములు రెండు కట్టలుగా విడిపోవును. నీరు, వేరు (చెట్టు వేరు), ఊరు, తేరు (రథము), ఏరు (నాగలి), మీరు, పేరు, చేరు, తీరు, కోరు, పోరు ఇవి యొక కట్ట. నీఱు (బూడిద), వేఱు (భిన్నము), ఊఱు (స్రవించు), తేఱు (తెలివొందు), ఏఱు (నది), మీఱు (అతిక్రమించు), నూఱు, ఆఱు, మాఱు, జాఱు, పాఱు ఇవి రెండవ కట్ట. మొదటి ఆఱుజతలును అక్షరభేదముచేతనే అర్థభేదము పొందుచున్నవి. ఈ విషయమున తమిళము గొప్ప సాక్షి. ఆ భాషయందు ఈ రెండక్షరముల భేదము వ్రాతలో నేటికిని నిలిచియున్నది. అక్కడ జలమునకు 'నీర్', బూడిదకు 'నీఱు' (తిరునీఱు అనునది శైవుల విభూతి). రథమునకు 'తేర్', కోలుకొనుటకు 'తేఱు'. చెట్టు వేరునకు 'వేర్', భిన్నమునకు 'వేఱు'. మనము 'ఊరగాయ' అని వ్రాయుచున్నాము. ఈ వ్రాత చూచినవాడు దానికి ఊరితో సంబంధమేమో అని భ్రమపడవచ్చును. అది 'ఊఱగాయ', ఉప్పులో ఊఱినది. తమిళులు 'ఊఱుకాయ్' అందురు.

ఇక ఈ రెండు కట్టల పరిమాణము చూడుడు. సంస్కృతమున ఱకారము లేదు. కావున నారదుడు, భారతము, వారిధి, శూరుడు, ధీరుడు, గౌరవము, ఘోరము, దూరము మున్నగు తత్సమములన్నియు ర కట్టలోనే చేరును. అందుచేత ఆ కట్ట నానాట పెరుగును. ఱ కట్ట తేట తెలుగు పదములకు మాత్రమే పరిమితము. ర ప్రాసతో ఉత్పలమాల వ్రాయువానికి పదముల కొరత లేదు. ఱ ప్రాసతో వ్రాయువాడు మీఱిన, పాఱెడు, వేఱొక, నూఱుగ అని తెలుగుక్రియలను, సంఖ్యలను ఆశ్రయింపవలసినదే. నా యభిప్రాయమున ర, ఱ ల సాంకర్యమునకు ఉచ్చారణ నశించుట యొక్కటియే కారణము కాదు. ఱ ప్రాసలో మూడు పాదములు పూర్తిచేసిన కవికి నాలుగవపాదమున చెంతనే నిలిచిన తత్సమసంపద ఆకర్షణము కలిగించియుండును. సాంకర్యము గల పద్యములను పరిశీలించు విద్యార్థులు అది ఏ పాదమున వచ్చుచున్నదో లెక్కించి చూచినచో ఈ ఊహ నిజమో కాదో తేలును.

శార్దూలమున ఈ కొరత మరింత తీవ్రము. అందు మొదటి గణము మగణము. ప్రాసాక్షరము గురువు కావలెను. ర కట్టలో ధీరోదాత్త, ఘోరారణ్య, కారుణ్యంబు అని తత్సమములు సిద్ధముగా నున్నవి. ఇక్కడ నొక మెలకువ. 'నారాయణ' శబ్దము రెండక్షరముల వరకు సరిపడినను మూడవ అక్షరము లఘువగుటచే శార్దూలపాదాదిని నిలువదు. కావున గుర్తులోని మూడంశములు పదమును దగ్గరకు తెచ్చును గాని పాదమున ప్రవేశపెట్టవు. గణమును వేరుగా సరిచూచుకొనవలసినదే. ఱ కట్టలో దీర్ఘముతోడి ప్రాసాక్షరము గల పదములు నిఘంటువున వెదకినను చాల అరుదు. అవి సంధిచేతను, క్రియారూపములచేతను పుట్టవలెను. మాఱు, ఆడు కలిసి 'మాఱాడన్', నీఱు, ఐ కలిసి 'నీఱైపోవ', మీఱుధాతువునుండి 'మీఱంగన్'. నిఘంటువు 'మీఱు' అని మాత్రమే చెప్పును. 'మీఱంగన్' అనునది వ్యాకరణము చెప్పవలెను.

పదపట్టికకు గల మొదటి లోప మిదియే. అది ప్రధానరూపములను మాత్రమే ఇచ్చును. రారు, పోరు, లేరు, కారు అను వ్యతిరేకక్రియలు నాలుగును దీర్ఘాదిరేఫప్రాసకు చక్కని జతలు. వీనిలో ఏదియు ఆ రూపముతో నిఘంటువున ఉండదు. 'పోరు' అను నామవాచకము ఉండును గాని అది యుద్ధము! రెండవ లోపము, మన పద్యమున పదము పాదాంతమున ముగియవలెనను నిర్బంధము లేకపోవుట. 'విచారము' అను పదమున 'వి' పైపాదపు తుది అక్షరము కాగా 'చార' క్రిందిపాదపు మొదలు కావచ్చును. ఆహారము, ప్రాకారము, సంసారము అన్నియు ఇట్లే. 'పదునాఱు' అనునది ఱ కట్టకు ఇట్లే అక్కరకు వచ్చును. కావున పదాదిని మాత్రమే గాక పదమధ్యమునను వెదకవలెను. పైసూత్రమున మొదటి గుర్తును, అనగా `^` ను, తొలగించిన ఆ పని జరుగును. మూడవ లోపము ఏకాక్షరపదములు. ఆ, ఈ, ఏ, నా, నీ, మా, మీ అనువానిలో నొకటి పాదాదిని నిలిచినచో దాని తరువాతి పదముయొక్క మొదటి అక్షరమే ప్రాస యగును. 'ఈ రాజు', 'నా రథము' అని రకారాదిపదములన్నియు ర ప్రాసకు లోబడును. ఱకారాదిపదములు స్వల్పము: ఱెక్క, ఱంపము, ఱొమ్ము వంటివి కొన్ని. తమిళమున పదాదిని ఈ అక్షరము రాదు. వారి 'ఇఱక్కై' మనకు 'ఱెక్క' అయినది. అచ్చు వెనుకకు జరిగి హల్లు మొదటికి వచ్చినది.

ఇప్పుడు పరిష్కర్తకు కలుగు చిక్కును తీసికొందము. ఒక తాళపత్రప్రతియందు ఉత్పలమాల కలదనుకొనుడు. మొదటి మూడు పాదములు పాఱు, మీఱు, నూఱు అను ధాతుసంఖ్యల రూపములతో మొదలగుచున్నవి. నాలుగవ పాదము 'నీరుగ' అని యున్నది. లేఖకుడు ర, ఱ లను పాటించినవాడు కాడు. ఇది 'నీరుగ' అయినచో కరగి జలమైనదని భావము. 'నీఱుగ' అయినచో కాలి బూడిదయైనదని భావము. సందర్భము రెంటికిని ఒప్పవచ్చును. ప్రాసనుబట్టి 'నీఱుగ' యని దిద్దుట న్యాయముగ కనిపించును. కాని ఆ దిద్దుబాటు కవి ర, ఱ లను కలుపడను నమ్మకముపై ఆధారపడినది. ఆ నమ్మకమునకు ఆధారము అదే కవి తక్కిన పద్యములు. వానిని పట్టికగా వ్రాసి చూచిన పిదపనే ఈ దిద్దుబాటు చేయవలెను. ఆ కవియే వేరొకచోట 'మీఱిన', 'వారిధి' లను జతపరచినచో ఇక ప్రాససాక్ష్యము చెల్లదు, భావమునుబట్టియే నిర్ణయింపవలెను.

ఈ పరీక్షలో తత్సమములు గొప్ప సాయము చేయును. ఒక పద్యమున నాలుగు ప్రాసపదములలో ఒక్కటి తత్సమమైనను అది నిస్సందేహముగ రేఫమే. కవి నియమపాలకు డైనచో తక్కిన మూడు తెలుగు పదములును రేఫయుక్తములే. ఒక సందేహపదము నారద, వారిధి శబ్దములతో పలుమార్లు ప్రాస కుదిరినచో దానిని ర కట్టలో వేయవచ్చును. ఱ కట్టకు ఇట్టి బలమైన సాక్షి లేడు. నాలుగును తెలుగు పదములే యగుటచే ఒకదానికొకటి సాక్ష్యము చెప్పుకొనవలసియుండును. అందుచే ఱకారనిర్ణయమున పొరపాటున కెక్కువ అవకాశము కలదు.

ఇచ్చటనే నిఘంటువుల ప్రశ్న వచ్చుచున్నది. గోదావరిమండలమున ఈ చర్చకు ప్రధానస్థానము పిఠాపురము, కాకినాడ. పిఠాపురము చెంతనున్న కందరాడకు చెందిన కూచిమంచి తిమ్మకవి పదునెనిమిదవ శతాబ్దమున సర్వలక్షణసారసంగ్రహమును రచించెను. ఆ ప్రాంతము పూర్వము తూర్పుగోదావరి జిల్లాలో నుండి, 2022 నుండి కాకినాడ జిల్లాలో నున్నది. 1911 లో చెన్నపురిలో స్థాపింపబడి పిదప కాకినాడకు తరలివచ్చిన ఆంధ్రసాహిత్యపరిషత్తు పిఠాపురము మహారాజు సూర్యారావుగారి పోషణమున సూర్యరాయాంధ్రనిఘంటువును కూర్చినది. ప్రథమసంపుటము 1936 లో వెలువడెను. కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్యపంతులుగారు దానికి ముఖ్యకర్త. శబ్దరత్నాకరమువలెనే ఇదియు శకటరేఫమును, అరసున్నను నిష్ఠతో పాటించినది. బ్రౌను మాత్రము పలుచోట్ల రేఫరూపమును ముందుంచి ఱకారరూపమును వికల్పముగ చూపెను. వాడుకను గమనించువానికి బ్రౌను మార్గము సరియైనది. ప్రాస వెదకువానికి సూర్యరాయాంధ్రమే శరణ్యము. రెండక్షరములు కలిసిపోయిన పట్టికలో నీరు, నీఱు అను రెండు చీటీలు ఒక కట్టలో పడిపోవును. వానిని మరల విడదీయుట ఎవ్వరివలనను కాదు. నేటి పాఠ్యపుస్తకములనుండియు, పత్రికలనుండియు కూర్చిన పదపట్టికలన్నిటికిని ఈ దోషము కలదు. పట్టికను చేతబట్టినతోడనే 'నూఱు', 'మాఱు' అను రెండు పదములు వెదకి చూచినచో ఏ పట్టిక ఏ జాతిదో తెలిసిపోవును.

అయినను సూర్యరాయాంధ్రమును ప్రమాణముగ గైకొనునపుడు ఒక వలయమున చిక్కుకొను ప్రమాదము కలదు. నిఘంటుకర్తలు ఱకారమును నిర్ణయించిన ఆధారములలో ముఖ్యమైనది కావ్యములందలి ప్రాసయే. ఒక పదము ఒకే కావ్యమున, ఒకే పద్యమున, ఱ ప్రాసలో కనబడెననుకొందము. దానిచే నిఘంటువు దానిని ఱకారయుక్తముగ నమోదు చేసెను. తరువాత పరిశోధకుడు ఆ కావ్యముయొక్క వేరొక ప్రతిలో రేఫరూపమును చూచి, 'నిఘంటువున ఱకారము కలదు. కావున ఈ పాఠము తప్పు' అని దిద్దెను. పిదప మరియొకడు ఆ పరిష్కృతముద్రణమును చూపి నిఘంటువునకు బలము చేకూర్చెను. సాక్ష్యము ఒక్కటే, అది మూడుసార్లు లెక్కింపబడినది! ఇట్టి పదమునకు నిఘంటువున ఎన్ని ప్రయోగము లుదాహరింపబడినవో, అవి ఎందరు కవులవో ముందుగా చూడవలెను. ఒక్క ప్రయోగమే యున్నచో ప్రాసబయట సాక్ష్యమును వెదకవలెను.

ఆ బయటి సాక్ష్యములు రెండు. ప్రాచీనశాసనముల వ్రాత యొకటి. పదము శాసనమున ఱకారముతో నున్నచో దానికి ఏ కవి ప్రాసతోను సంబంధము లేదు. కాని శాసనము ర, ఱ ల భేదము నశింపకమునుపటిదై యుండవలెను. రెండవది సోదరభాషలు. తమిళమును గూర్చి పైని చెప్పితిని. పాతకన్నడమునను ఈ భేదము కలదు. కన్నడమునను ద్వితీయాక్షరప్రాస నియతము గనుక అక్కడి కావ్యములును స్వతంత్రముగ సాక్ష్యము చెప్పగలవు. 'నూఱు' మూడు భాషలలోను ఱకారముతోనే యున్నది. దానిని గూర్చి తగవు లేదు. కాని సోదరభాషలలో జత లేని తెలుగు పదములకు ఈ సాక్ష్యము అందదు.

కావున చీటీలను కూర్చునపుడు ర కట్ట, ఱ కట్ట అని రెండు గాక మూడు కట్టలు చేయుట మేలు. మొదటి దానిలో తత్సమములును, తత్సమములతో ప్రాస కుదిరిన తెలుగు పదములును ఉండును. రెండవ దానిలో తమిళకన్నడములచే గాని, శాసనములచే గాని సమర్థింపబడిన ఱకారపదము లుండును. నిఘంటువొక్కటే సాక్షిగా గల పదములు మూడవ కట్టలోనివి. పద్యము వ్రాయువాడు ఈ మూడవ కట్టను ఱ కట్టతో కలిపి యథేచ్ఛగ వాడుకొనవచ్చును. నిఘంటువే అతనికి చాలిన ప్రమాణము. ప్రాచీనపాఠమును దిద్దువాడు మాత్రము ఆ కట్టలోని పదమును చూపి వేరొక పదమును మార్చరాదు. ప్రతియొక్క చీటీ వెనుక ప్రయోగము గల గ్రంథము పేరు, ఆశ్వాసము, పద్యసంఖ్య వ్రాసి యుంచినచో, క్రొత్త ప్రతి గాని, క్రొత్త శాసనము గాని బయలుపడినపుడు మూడవ కట్టనుండి ఒక చీటీని తీసి మొదటి దానిలోనో, రెండవ దానిలోనో వేయుట సులువగును.